వర్గ సమీకరణాల కీలో తప్పుల వివరణ: పిల్లల తప్పు జవాబు నుంచి వెనక్కి నడవండి

ప్రశ్న: పలమనేరు దగ్గర ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను, ఇది రెండో ఏడు. పదో తరగతికి వర్గ సమీకరణాల మీద 20 లెక్కల అభ్యాస పత్రం తయారుచేశాను. దానికి జవాబులు, పూర్తి సాధనలు, పిల్లలు సాధారణంగా చేసే తప్పులు కలిపి ఒక కీ రాయాలి. సాధనలు రాసేశాను. తప్పుల దగ్గరికి వచ్చేసరికి "గుర్తులు జాగ్రత్తగా చూడండి" అన్న మాట తప్ప ఏమీ తోచడం లేదు. ఆ భాగం ఎలా రాస్తారో అనుభవమున్న మాస్టార్లు, మేడమ్‌లు చెప్పగలరా?

జవాబు:

నేను తిరుపతిలో 22 ఏళ్లుగా తొమ్మిది, పది తరగతులకు గణితం చెబుతున్నాను. మొదట్లో నా కీలలో కూడా "గుర్తులు జాగ్రత్త" అనే ఉండేది. దాన్ని ఎందుకు మానేశానో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ మాట చదివిన అమ్మాయి తన లెక్కను ఒకసారి పైనుంచి కిందికి చూసుకుంటుంది. అన్ని గుర్తులూ ఆమెకు సరిగ్గానే కనిపిస్తాయి, ఎందుకంటే సరైనవనుకునే వాటిని రాసింది. కీ చూసే సమయానికి ఆమె చేతిలో కచ్చితంగా ఉన్నది ఒక్కటే: తనకు వచ్చిన జవాబు. కాబట్టి తప్పుల వివరణ ఆ జవాబు దగ్గరే మొదలవ్వాలి. "మీకు 1/2, −3 వచ్చాయా? అయితే మీ రెండో వరుస చూడండి" అని రాస్తే ఆమె నేరుగా అక్కడికే వెళుతుంది.

అలా రాయాలంటే ఏ తప్పు చేస్తే ఏ జవాబు వస్తుందో మనకు ముందే తెలిసి ఉండాలి. దానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే. లెక్కను ఒకసారి సరిగ్గా చేసి, తరువాత ఒక్కో తప్పును కావాలనే చేస్తూ, ప్రతిసారీ చివరిదాకా సాధించడం. మధ్యలో ఆపకూడదు, జవాబు వచ్చేదాకా వెళ్లాలి. ఒక లెక్క మీద పూర్తిగా చూపిస్తాను.

2x² − 5x − 3 = 0 ను సూత్రంతో సాధించమన్నాం అనుకుందాం. నా కీలో సాధన ఇలా ఉంటుంది:

a = 2, b = −5, c = −3
−b = −(−5) = 5
b² = (−5)² = 25
−4ac = −4 × 2 × (−3) = +24
విచక్షణి = 25 + 24 = 49, దాని వర్గమూలం 7
2a = 4
x = (5 + 7)/4 = 3, లేదా x = (5 − 7)/4 = −1/2

చాలా కీలలో మొదటి వరుస తరువాత నేరుగా x = (5 ± √49)/4 అని ఉంటుంది. మనకు అది చాలు. పిల్లలు జారిపడేది మాత్రం మనం మింగేసిన ఆ నాలుగు వరుసల్లోనే. అందుకే −b, b², −4ac, 2a ఒక్కొక్కటి ఒక్కో వరుసలో వేరుగా ఉంచుతాను. తప్పుల వివరణలో "నాలుగో వరుస" అని వేలుపెట్టి చూపించాలంటే ఆ వరుస సాధనలో ఉండాలి కదా. పూర్తి సాధన అంటే పొడవైన సాధన అని నేను అనుకోను. తప్పు జరిగే చోట విడదీసి, జరగని చోట కలిపేసినదే పూర్తి సాధన. 49 వర్గమూలం 7 అని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక వరుస అక్కర్లేదు.

ఇప్పుడు తప్పులు చేద్దాం. b = −5 అని సరిగ్గా రాసుకుని కూడా సూత్రంలో −b దగ్గర −5 నే పెట్టేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వారికి (−5 ± 7)/4, అంటే 1/2, −3 వస్తాయి. −4ac దగ్గర రెండు రుణ గుర్తులు కలిస్తే ధనం అవుతుందన్నది మరచినవారు 25 − 24 = 1 అని రాస్తారు, వారికి 3/2, 1 వస్తాయి. బ్రాకెట్ పెట్టకుండా −5² అని రాసి −25 తీసుకున్నవారికి విచక్షణి −25 + 24 = −1 అవుతుంది. వారు ధీమాగా "వాస్తవ మూలాలు లేవు" అని రాసి లెక్క ముగిస్తారు. హారంలో 2a బదులు 2 వేసినవారికి 12/2, −2/2, అంటే 6, −1 వస్తాయి.

నాలుగు తప్పులు, నాలుగు వేర్వేరు జవాబులు. నోటుపుస్తకం తెరవకుండా, జవాబు ఒక్కటి వినిపిస్తే చాలు, ఆ పిల్లవాడు ఎక్కడ జారాడో చెప్పగలం. ఈ లెక్కను నేను ఎంచుకోవడానికి కారణం అదే. దీని బదులు x² − 4x + 3 = 0 ఇచ్చామనుకోండి. అక్కడ a = 1 కాబట్టి 2a కూ 2 కూ తేడా లేదు. హారం గురించి ఏమీ తెలియని పిల్లవాడికి కూడా 3, 1 అని సరైన జవాబే వస్తుంది, మనం టిక్కు పెట్టేస్తాం. మీ 20 లెక్కల్లో సూత్రంతో చేయమన్నవాటిని ఒకసారి వెతికి చూడండి. అన్నింట్లోనూ a = 1 ఉంటే, లేదా b ఎప్పుడూ ధనమే అయితే, కీ రాయడానికి ముందు లెక్కలనే కొన్ని మార్చాలి. తప్పును బయటపెట్టని లెక్కకు తప్పుల వివరణ రాయలేం.

ఒక పరిమితి ఉంది, అది కీలో దాచకూడదు. ఒకే తప్పు జవాబుకు రెండు దారులు ఉండవచ్చు. పైన 3/2, 1 అన్న జవాబు −4ac లో గుర్తు పోయినా వస్తుంది, మొదటి వరుసలోనే c = 3 అని రాసుకున్నా వస్తుంది. అలాగే 1/2, −3 అన్నది సూత్రంతో చేసినవారికి −b వల్ల వస్తే, కారణాంకాలతో చేసినవారికి మరోలా వస్తుంది. వారు (2x + 1)(x − 3) = 0 దాకా చక్కగా వచ్చి, 2x + 1 = 0 అని సాధించకుండా, 1 ని 2 తో భాగించినా గుర్తులు మార్చకుండా బ్రాకెట్లలో కనిపించినట్టే ఎత్తి రాస్తారు. జవాబు ఒకటే, జబ్బులు వేరు. అలాంటప్పుడు వివరణలో రెండు చోట్లూ చెప్పి, ఎలా తేల్చుకోవాలో రాయాలి. నా కీ నుంచి ఒక వివరణ ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

"3/2, 1 వచ్చాయా? ముందు మొదటి వరుస చూడండి. c = 3 అని ఉంటే ప్రశ్నలో 3 ముందున్న గుర్తును వదిలేశారు. అక్కడ c = −3 అనే ఉంటే నాలుగో వరుసకు రండి. −4 × 2 × (−3) లో ఎన్ని రుణ గుర్తులున్నాయో లెక్కపెట్టండి. సరిచేశాక ఇది చేయండి: 3x² + x − 2 = 0 లో −4ac విలువ ఒక్కటి కనుక్కోండి, అది +24 రావాలి."

చివరి వాక్యం ముఖ్యం. తప్పు చూపించి వదిలేస్తే పిల్లవాడు జవాబును కొట్టేసి కొత్తది రాసుకుంటాడు, అంతటితో అయిపోతుంది. మొత్తం లెక్క మళ్లీ ఇవ్వనక్కర్లేదు. జారిన ఆ ఒక్క వరుసను కొత్త అంకెలతో మళ్లీ చేయించే చిన్న ప్రశ్న చాలు. ఒక్కో వివరణ నాలుగైదు వాక్యాలు దాటనివ్వను.

జవాబు కింద నేను తప్పకుండా పెట్టే మరో వరుస ఉంది. మూలాల మొత్తం −b/a, లబ్ధం c/a కావాలి. ఈ లెక్కకు మొత్తం 5/2, లబ్ధం −3/2. సరైన జవాబులు 3, −1/2 రెండింటికీ సరిపోతాయి. ఇక తప్పు జవాబులను పెట్టి చూడండి. 1/2, −3 ల లబ్ధం −3/2 సరిపోతుంది కానీ మొత్తం −5/2 అవుతుంది, అంటే తేడా b గుర్తులో ఉంది. 3/2, 1 ల మొత్తం 5/2 సరిపోతుంది కానీ లబ్ధం +3/2 అవుతుంది, అంటే తేడా c వైపున ఉంది. 6, −1 అయితే మొత్తం రెండింతలు, లబ్ధం నాలుగింతలు అయ్యాయి, హారం సగానికి తగ్గిపోయిన ఆనవాలు అది. పిల్లవాడికి వచ్చిన జవాబు మన వివరణల్లో లేకపోయినా, ఏ వైపు వెతకాలో ఈ ఒక్క వరుస చెబుతుంది. మూలాలను సమీకరణంలో ప్రతిక్షేపించి చూసుకోమని ఎటూ చెబుతాం. ప్రతిక్షేపణ జవాబు తప్పని చెబుతుంది కానీ తప్పు ఎక్కడుందో చెప్పదు.

ఇక్కడ నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఇదే లెక్కను ఒక పరీక్షలో ఇచ్చాను. చేత్తో రాసిన ప్రతిలో −3 అని ఉంది. టైపు చేసేటప్పుడు అది +3 అయింది, నేను చూసుకోలేదు. కీని మాత్రం చేత్తో రాసిన ప్రతి నుంచే తయారుచేశాను. దిద్దుతుంటే తరగతిలో సగానికి పైగా 3/2, 1 అని రాశారు. కీలో నా వివరణ సిద్ధంగా ఉంది కదా, అందరి పత్రాల మీదా "c గుర్తు చూడు" అని ఎర్ర సిరాతో రాసుకుంటూ పోయాను. నిజానికి 2x² − 5x + 3 = 0 మూలాలు 1, 3/2. పిల్లలు చేసింది పూర్తిగా సరైనది. ఒక అబ్బాయి ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పెట్టి, "మేడమ్, ఇక్కడ ప్లస్సే ఉంది" అన్నాడు. పత్రాలన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ దిద్దాను. సరిగ్గా చేసిన పిల్లలకు తప్పు చేశావని రాసి ఇచ్చినందుకు ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ నాతో ఉంది.

అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. కీని ఎప్పుడూ అచ్చయిన ప్రశ్నపత్రాన్ని ముందు పెట్టుకునే రాస్తాను, నా చిత్తుప్రతి నుంచి రాయను. తరగతిలో ఎక్కువమందికి ఒకే "తప్పు" జవాబు వస్తే, పిల్లల సాధన చూడడానికి ముందు ప్రశ్నను చూస్తాను. మరో మాట, ఒక లెక్కలో ఒక్క అంకె మార్చినా దాని వివరణలన్నీ మళ్లీ చేయాల్సిందే. గత సంవత్సరపు కీలో సాధనను సరిదిద్ది తప్పుల వివరణను అలాగే వదిలేయడం చాలాచోట్ల చూశాను. అది ఏ వివరణా లేకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

రెండో రకం లెక్కలో ఇబ్బంది వేరుగా ఉంటుంది. (x − 3)(x + 2) = 14 ను సాధించమన్నాం. సాధన చిన్నదే. విస్తరిస్తే x² − x − 6 = 14, అంటే x² − x − 20 = 0, అంటే (x − 5)(x + 4) = 0, కాబట్టి x = 5 లేదా −4. సరిచూస్తే 2 × 7 = 14, (−7) × (−2) = 14.

సాధారణమైన తప్పు x − 3 = 14, x + 2 = 14 అని విడగొట్టడం, దానితో 17, 12 వస్తాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. దీని పక్కనే మరో తప్పు దాక్కుని ఉంటుంది. 14 అంటే 2 × 7 కదా అని, x − 3 = 2, x + 2 = 7 అని రాసే పిల్లలున్నారు. రెండింటి నుంచీ x = 5 వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేర్చాయి కాబట్టి తాము సరిగ్గానే చేశామని వారికి గట్టి నమ్మకం కలుగుతుంది. −4 ఏమైందో వారికి తెలియదు, ఉండాలన్న అనుమానం కూడా రాదు. ఇలాంటి జవాబుకు "రెండో మూలం రాయలేదు" అని మాత్రమే వివరణ రాస్తే పొరపాటు. వారు వదిలింది రెండో మూలాన్ని కాదు, సున్నాను.

అందుకని ఇక్కడ కొంచెం చోటు తీసుకుని కారణం రాస్తాను. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటి తప్పక సున్నా కావాలి, మరో దారి లేదు. లబ్ధం 14 అయితే అలాంటి నిర్బంధం ఏదీ లేదు. 2 × 7 కావచ్చు, (−2) × (−7) కావచ్చు, 28 × 1/2 కూడా కావచ్చు. కాబట్టి కుడివైపు సున్నా లేనంతవరకూ బ్రాకెట్లను విడగొట్టకూడదు. దీని కింద ఇచ్చే చిన్న ప్రశ్న: "(x − 1)(x + 4) = 6 ను సాధించకుండా, మొదట చేయాల్సిన పని ఒక్క వాక్యంలో రాయండి." జవాబు వాక్యంగా రావాలి, అంకెగా వద్దు. అంకె అడిగితే మళ్లీ ఊహించి చెబుతారు.

x² = 5x లో రెండు వైపులా x తో భాగించి x = 5 మాత్రమే రాసే తప్పు కూడా ఈ కుటుంబానిదే, x సున్నా కావచ్చన్న సంగతి మరచి సున్నాతో భాగించినట్టు. అక్కడ వివరణ రెండు వాక్యాల్లో ముగించవచ్చు. వర్గాన్ని పూర్తిచేసే లెక్కల గురించి కూడా ఎక్కువ చెప్పను. x² + 6x − 7 = 0 లాంటి దానిలో 9 ను ఒకవైపే కలిపితే −3 ± √7 వస్తుంది, వర్గమూలం తీసేటప్పుడు ± మరచిపోతే 1 ఒక్కటే వస్తుంది. సరైన జవాబు 1, −7. ఈ రెండు వివరణలు చాలు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మాటల లెక్కలకు. అక్కడ తప్పు సమీకరణం పుట్టకముందే జరుగుతుంది. నా పత్రంలో ఉన్నది ఇది: తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లు అనుకోండి. ఒక బస్సు స్థిర వేగంతో వెళ్తుంది. వేగం గంటకు 10 కిలోమీటర్లు పెరిగితే 10 నిమిషాలు ముందుగా చేరుతుంది. మొదటి వేగమెంత?

వేగం v అనుకుంటే 70/v − 70/(v + 10) = 1/6. ఎడమవైపు కలిపితే 700/(v(v + 10)) = 1/6, కాబట్టి v² + 10v − 4200 = 0, అంటే (v + 70)(v − 60) = 0. వేగం రుణసంఖ్య కాదు కాబట్టి v = 60. సరిచూస్తే 60 వేగంతో గంటా పది నిమిషాలు, 70 వేగంతో సరిగ్గా గంట.

ఈ అంకెల్లో రెండు చోట్ల 10 ఉండడం యాదృచ్ఛికం కాదు, కావాలని పెట్టాను. నిమిషాలను గంటల్లోకి మార్చనివారు కుడివైపు 10 అని రాస్తారు. అప్పుడు v² + 10v − 70 = 0 అవుతుంది, v = −5 + √95, అంటే సుమారు 4.75. గంటకు 4.75 కిలోమీటర్లంటే మనిషి నడిచే వేగం. ఆ వేగంతో చిత్తూరు చేరడానికి దాదాపు 15 గంటలు పడుతుంది. తెలిసిన దారి తీసుకోవడంలో ప్రయోజనం ఇదే. చిత్తూరు బస్సు ఎంతసేపట్లో చేరుతుందో మా పిల్లలకు తెలుసు, ఆ జవాబు వారికే వింతగా కనిపిస్తుంది. వివరణలో నేను "ప్రమాణాలు మార్చండి" అని ఆపను. "మీరు రాసిన సమీకరణం ప్రకారం బస్సు 10 గంటలు ముందుగా చేరాలి, ప్రశ్నలో ఉన్నది ఏమిటి?" అని రాస్తాను. వారి సాధనలో గణితం తప్పు కాదు, అది వేరే ప్రశ్నకు సరైన జవాబు. ఆ సంగతి చెబితే పిల్లవాడు మొత్తం కొట్టేయకుండా ఒక్క సంఖ్యను మార్చుకుంటాడు.

రెండో తప్పు తీసివేత క్రమం. 70/(v + 10) − 70/v = 1/6 అని రాసినవారికి v² + 10v + 4200 = 0 వస్తుంది. విచక్షణి రుణం, "వాస్తవ మూలాలు లేవు" అంటారు. ఇక్కడ వివరణ: "వేగం పెరిగితే సమయం తగ్గుతుంది. మీ సమీకరణంలో ముందు రాసిన సమయం పెద్దదా, చిన్నదా?" మాటల లెక్కలో మూలాలు లేవని వస్తే మొదట సమీకరణాన్నే అనుమానించాలని కూడా అక్కడే చెబుతాను. బస్సు నిజంగా వెళ్తున్నప్పుడు దానికి ఏదో ఒక వేగం ఉండి తీరాలి.

మూడోది నాకు చాలా ఇష్టమైనది: జవాబు 70 అని రాసినవారు. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకరు −70 లో రుణ గుర్తు తుడిచేసి 70 అంటారు. మరొకరు పెరిగిన వేగాన్నే v అనుకుని 70/(v − 10) − 70/v = 1/6 అని సమీకరణం రాస్తారు, v² − 10v − 4200 = 0 నుంచి 70, −60 వస్తాయి. అది తప్పే లేని సాధన. ప్రశ్న అడిగింది మొదటి వేగం కాబట్టి చివర 10 తీసివేయడం మాత్రం మరచిపోయారు. ఈ ఇద్దరికీ ఒకే మార్కు వేస్తే అన్యాయం. నాలుగు మార్కుల ప్రశ్న అయితే రెండో పిల్లవాడికి మూడు ఇస్తాను, ఆ మాట కీలోనే రాస్తాను. మొదటివారు సమీకరణం సరిగ్గా రాసి సాధించారు కానీ మూలానికి అర్థం చూడలేదు, వారికి రెండు. మొదటి దారిలో 60, −70 రావడం, రెండో దారిలో 70, −60 రావడం పక్కపక్కన చూపిస్తే పిల్లలకు భలే ఆసక్తి కలుగుతుంది. ఒక దారిలో వదిలేసిన సంఖ్య, గుర్తు మారి, రెండో దారిలో జవాబుగా కనిపిస్తుంది. v బదులు −(v + 10) పెట్టినా v(v + 10) విలువ మారదు కాబట్టే ఇలా జరుగుతుంది. ఈ ఒక్క వాక్యం బాగా చదివే పిల్లల కోసం కీ అంచున రాస్తాను.

ఇప్పుడు మీ 20 లెక్కల సంగతి. అన్నింటికీ ఇంత వివరంగా రాయడానికి కూర్చోకండి. రాసినా పిల్లలు చదవరు. ప్రతి రకానికి ఒకటో రెండో లెక్కలు ఎంచుకుని, మొత్తం ఆరేడింటికి పూర్తి వివరణలు రాయండి. మిగతావాటికి జవాబు, మొత్తం–లబ్ధం వరుస, "ఇందులో ఇబ్బంది వస్తే 4వ లెక్క వివరణ చూడండి" అన్న సూచన చాలు. పూర్తయ్యాక అచ్చు ప్రశ్నపత్రాన్ని మరో ఉపాధ్యాయుడికి ఇచ్చి, మీ కీ చూపించకుండా అన్నీ చేయమని అడగండి. తేడా వచ్చిన చోట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆ తరువాత, కీని అందరికీ ఇవ్వడానికి ముందు, ఒక పది మంది పిల్లల చేత పత్రం చేయించి నోటుపుస్తకాలు తెచ్చుకోండి. ప్రతి తప్పు జవాబునూ మీ వివరణల్లో వెతకండి. దొరకనివి తప్పకుండా ఉంటాయి. మొదటి లెక్కకే చూడండి, నేను నాలుగు తప్పులు ముందుగా ఊహించాను. ఒక అమ్మాయి పుస్తకంలో 27/4, 13/4 కనిపించాయి. సూత్రంలోని ఏ గుర్తు మార్చి చేసినా నాకు ఆ సంఖ్యలు రాలేదు, మొత్తం 10 ఎందుకు వచ్చిందో తెలియలేదు. చివరికి ఆమెను పిలిచి నా ముందే చేయమన్నాను. a, b, c, విచక్షణి అన్నీ సరిగ్గా రాసింది. ఆఖరి వరుసలో భాగహారం గీతను 7 కింద మాత్రమే చిన్నగా గీసింది, 5 బయట ఉండిపోయింది. దాంతో 5 + 7/4, 5 − 7/4 అయ్యాయి. సూత్రం ఆమెకు తెలుసు, గుర్తులూ తెలుసు. గీత పొడవు లవం మొత్తానికి ఉండాలని మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. ఆ రోజు కీలో ఐదో వివరణ చేర్చాను: "27/4, 13/4 వచ్చాయా? అంకెలు రాయకముందే పొడవుగా గీత గీయండి. −b, ± వర్గమూలం రెండూ ఆ గీత మీద కూర్చున్నాక కింద 2a రాయండి." ఇప్పుడు బోర్డు మీద సూత్రం రాసేటప్పుడు నేను కూడా ముందు గీతే గీస్తున్నాను.